పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆదిలాబాద్ పత్తి, పన్నుల ఉత్ప్లవనం

ఆదాయం ఒక శాతం పెరిగితే పన్ను వసూలు ఎంత శాతం పెరుగుతుందో చెప్పేదే పన్ను ఉత్ప్లవనం. జీఎస్‌డీపీ 10 శాతం, పన్నులు 12 శాతం పెరిగితే అది 1.2. రేట్ల మార్పు వల్ల వచ్చిన అదనాన్ని తీసేసి లెక్కిస్తే దాన్ని వ్యాకోచత్వం అంటారు. పరీక్షలో తికమకపెట్టేది ఈ తేడానే.

ఆదిలాబాద్‌లో పత్తి బాగా పండిందనుకుందాం. జీఎస్‌డీపీ పెరుగుతుంది. కానీ రైతు వ్యవసాయాదాయంపై ఆదాయపు పన్ను లేదు. పత్తిపై 5 శాతం జీఎస్టీని రైతు కాదు, రివర్స్ చార్జ్ కింద జిన్నింగ్ మిల్లు కడుతుంది. దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుకుంటుంది. బేళ్లు వేరే రాష్ట్రపు స్పిన్నింగ్ మిల్లుకు వెళ్తే, జీఎస్టీ గమ్యస్థాన పన్ను కాబట్టి రాష్ట్ర వాటా అక్కడికే చేరుతుంది. రైతు ఆ డబ్బుతో ఇక్కడ బైకు కొన్నప్పుడే మన ఖజానాకు కొంత వస్తుంది. కరీంనగర్ వరిదీ ఇంచుమించు ఇదే కథ; విడి ధాన్యంపై జీఎస్టీయే లేదు.

అందుకే వృద్ధి ఎంత అన్నదే కాదు, ఏ రంగంలో అన్నదీ బడ్జెట్‌కు ముఖ్యం. లక్ష కోట్ల పన్నుల రాష్ట్రం 10 శాతం వృద్ధికి 1.2 ఉత్ప్లవనం అంచనా వేస్తే 1,12,000 కోట్లు రావాలి. అది 0.8కి పడితే 1,08,000 కోట్లే. ఆ 4,000 కోట్లకు అప్పు చేయాలి, లేదా పనులు ఆపాలి.

సింగరేణి బొగ్గు రాయల్టీని ఈ లెక్కలో కలపకండి. రాయల్టీ పన్ను కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.