‘మా ఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేయొద్దు’: రిక్రూటర్‌కి ఎలా చెప్పాలి?

ఉద్యోగం చేస్తూనే మరో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు రిక్రూటర్‌తో తప్పకుండా అనే మాట ఒకటుంది: ‘మా ఆఫీసులో తెలియకూడదండీ.’ అటువైపు నుంచి ‘తప్పకుండా’ అన్న జవాబు వస్తుంది. దాంతో మనం నిశ్చింతగా ఉంటాం. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక, చేతికి ఆఫర్ రాకముందే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి మన హెచ్ఆర్‌కి మెయిల్ వెళ్తుంది. రిక్రూటర్ మాట తప్పలేదు. ఆ మెయిల్ పంపింది వేరే సంస్థ. మన మాట ఫోన్‌లోనే ఆగిపోయి, వెరిఫికేషన్ ఫారంలోకి ఎక్కలేదు, అంతే.

అందుకే ‘గోప్యంగా ఉంచండి’ అంటే సరిపోదు. ఎవరిని సంప్రదించకూడదు, ఎప్పటివరకు, అప్పటిదాకా దేన్ని చూసి నమ్మాలి అనే మూడు సంగతులూ రాతపూర్వకంగా చెప్పాలి.

రెజ్యూమె ఎక్కడెక్కడికి వెళ్తుంది?

ముందుగా ఫోన్ చేసింది ఎవరో తెలుసుకోండి. కంపెనీ సొంత రిక్రూటర్ అయితే మీ రెజ్యూమె ఆ కంపెనీలోనే తిరుగుతుంది. కన్సల్టెన్సీ అయితే ఒకే రెజ్యూమెను నలుగురు క్లయింట్లకు పంపే అవకాశముంది. కొందరు ‘పెద్ద ఎంఎన్‌సీ’ అంటారే తప్ప క్లయింట్ పేరు చెప్పరు. ఆ క్లయింట్ మీ కంపెనీదే మరో గ్రూపు సంస్థ కావచ్చు, మీ కంపెనీతో పనిచేయించుకునే సంస్థే కావచ్చు. కాబట్టి మొదటి కాల్‌లోనే ఒక షరతు పెట్టండి: ‘కంపెనీ పేరు చెప్పి, నేను సరేనన్నాకే రెజ్యూమె పంపండి.’ మంచి కన్సల్టెంట్లకు ఇది అలవాటైన మాటే. దీనికే విసుక్కునేవాళ్ల చేతిలో రెజ్యూమె పెట్టకపోవడం మేలు.

జాబ్ పోర్టళ్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. అభ్యర్థులను వెతకడానికి మీ కంపెనీ హెచ్ఆర్ కూడా అవే పోర్టళ్లు వాడుతుంటుంది. నౌకరీలో ఎంచుకున్న కంపెనీలకు ప్రొఫైల్ కనిపించకుండా బ్లాక్ చేసుకోవచ్చు. మీ కంపెనీతోపాటు దాని గ్రూపు సంస్థల పేర్లూ అందులో చేర్చండి. అయితే మీ కంపెనీ కోసం పనిచేసే కన్సల్టెన్సీలను ఆ బ్లాక్ ఆపలేదు. లింక్డ్‌ఇన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ను రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. మీ ప్రస్తుత కంపెనీ రిక్రూటర్లకు అది కనిపించకుండా చూస్తామనే చెబుతూ, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా లింక్డ్‌ఇన్ స్పష్టంగా చెబుతుంది. ఆఫీసు మెయిల్, ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ఈ పనికి ముట్టుకోవద్దు.

మెయిల్ ఎలా ఉండాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక అమ్మాయి నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. నోటీస్ పీరియడ్ 60 రోజులు. అప్రైజల్ దగ్గర పడింది. ఈ సమయంలో వెతుకులాట బయటపడితే హైక్‌కి దెబ్బ, ప్రాజెక్టులోనూ పక్కన పెట్టే ప్రమాదం. కన్సల్టెన్సీ నుంచి కాల్ వచ్చింది. కాల్ అయిన వెంటనే తన సొంత మెయిల్ నుంచి ఆమె పంపవలసిన మాటలు ఇలా ఉండొచ్చు:

‘మనం ఫోన్‌లో అనుకున్నది రాతలో పెడుతున్నాను. నేను ఇంకా ప్రస్తుత కంపెనీలోనే పనిచేస్తున్నాను, అక్కడ రాజీనామా చేయలేదు. కాబట్టి రాతపూర్వక ఆఫర్ వచ్చి, నేను రాజీనామా ఇచ్చి, మీకు మెయిల్‌లో తెలియజేసేవరకు మా హెచ్ఆర్‌ని గానీ, మేనేజర్‌ని గానీ, సహోద్యోగులను గానీ సంప్రదించవద్దు. ఈ విషయం క్లయింట్‌కూ, వెరిఫికేషన్ ఏజెన్సీకీ చెప్పగలరు. ఈలోగా ప్రస్తుత కంపెనీ ఆఫర్ లెటర్, గత మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ ఇస్తాను. పాత కంపెనీలో నా టీమ్ లీడ్‌ రిఫరెన్స్ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయండి. అందినట్టు ఒక జవాబు ఇవ్వగలరు.’

ఇందులో ‘ఎప్పటికీ అడగొద్దు’ అన్న మాట లేదు. అలా అంటే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. ‘ఫలానా రోజు తర్వాత నిరభ్యంతరంగా అడగండి’ అంటే ఆ అనుమానానికి చోటుండదు. పైగా రిక్రూటర్‌కి కావలసింది మీరు నిజంగా అక్కడ పనిచేస్తున్నారన్న నమ్మకం. పీఎఫ్ పాస్‌బుక్‌లో మీ కంపెనీ పేరు, నెలనెలా జమ అయిన మొత్తం ఉంటాయి. మీ యూఏఎన్‌తో మీరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కంపెనీని అడిగే పని లేదు.

మెయిల్‌లోని చివరి వాక్యం వదలకండి. ‘సరే, అలాగే’ అన్న ఒక్క లైను జవాబు మీ మెయిల్‌బాక్సులో ఉంటే, తర్వాత మరో రిక్రూటర్ మీ ఫైలు చూసినా దాన్నే ముందుకు పంపొచ్చు.

అసలు ప్రమాదం వెరిఫికేషన్ ఫారంలో

చాలా కంపెనీలు వెరిఫికేషన్‌ను బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. మీకో లింకు వస్తుంది. అందులో ప్రతి కంపెనీకీ హెచ్ఆర్ మెయిల్, మేనేజర్ ఫోన్ నంబరు అడుగుతారు. ‘ప్రస్తుత యజమానిని సంప్రదించవచ్చా?’ అన్న ప్రశ్న చాలా ఫారాల్లో ఉంటుంది. తొందరలో ‘అవును’ నొక్కేసేది ఇక్కడే. ‘కాదు’ పెట్టండి. ఎప్పటినుంచి సంప్రదించవచ్చో తేదీ అడిగితే మీ చివరి పనిదినం తర్వాతి తేదీ వేయండి. అసలు ఆ ప్రశ్నే లేకపోతే ఫారం పూర్తిచేయకముందే రిక్రూటర్‌కి రాసి, జవాబు వచ్చాకే సబ్మిట్ చేయండి. వెరిఫికేషన్‌కు అనుమతిస్తూ సంతకం చేసే పత్రంలో ‘ప్రస్తుత, పూర్వ యజమానులందరినీ’ అని ఉందేమో చదవండి. ఉంటే మీ షరతును మెయిల్‌లో మళ్లీ గుర్తు చేయండి.

కొన్ని కంపెనీలు ప్రస్తుత ఉద్యోగం వెరిఫికేషన్‌ను చేరిన తర్వాత, రిలీవింగ్ లెటర్ ఆధారంగా చేస్తాయి. మీ విషయంలో ఏ పద్ధతో ముందే అడగండి. మరికొన్ని ‘అన్నీ తేలాకే ఆఫర్’ అంటాయి. అప్పుడు పాత కంపెనీల వెరిఫికేషన్ ముగించి, ప్రస్తుత కంపెనీ వెరిఫికేషన్‌ను షరతుగా పెట్టి ఆఫర్ ఇవ్వమని అడగవచ్చు. ఒప్పుకోకపోతే ఆ రిస్కు తీసుకోవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి.

రిక్రూటర్ చేతిలో లేనివి

రిక్రూటర్‌కి డబ్బు ఇచ్చేది కంపెనీ, మీరు కాదు. అందుకే ఆయన ఇచ్చే మాటకూ హద్దుంది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ మీ మేనేజర్‌తో ఒకప్పుడు కలిసి పనిచేసి ఉంటే, మామూలుగా ఒక ఫోన్ చేసేయొచ్చు. ప్యానెల్‌లో ఎవరున్నారో ముందే అడిగి లింక్డ్‌ఇన్‌లో చూసుకోండి. తెలిసినవారు కనిపిస్తే ఇంటర్వ్యూ మొదట్లోనే వాళ్లతో నేరుగా చెప్పండి: ‘ఇది మా టీమ్‌లో ఎవరికీ తెలియదు, మన మధ్యే ఉంచగలరు.’

కొత్త కంపెనీ మీ కంపెనీకి క్లయింటైతే, ఒకరి ఉద్యోగులను ఒకరు తీసుకోకూడదన్న ఒప్పందం ఉండొచ్చు. అలాంటప్పుడు మీ కంపెనీ అనుమతి అడగక తప్పదంటారు. ఆ సంబంధం ఉందని మీకు తెలిస్తే రెజ్యూమె పంపకముందే చెప్పండి. అన్ని రౌండ్లూ అయ్యాక బయటపడితే ఆఫరూ పోతుంది, గుట్టూ పోతుంది.

ఇన్ని చేసినా మేనేజర్ పిలిచి అడిగితే అబద్ధమాడకండి. ‘ఒక అవకాశం వచ్చింది, మాట్లాడాను, ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదు’ అంటే చాలు. కంగారులో రాజీనామా మాత్రం ఇవ్వకండి. జీతం, హోదా, చేరే తేదీ రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే ఆ పని. రాజీనామా అందినట్టు హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చిన రోజే రిక్రూటర్‌కి రాయండి: ‘ఫలానా తేదీ నా చివరి పనిదినం. ఆ మర్నాటి నుంచి మా హెచ్ఆర్‌ని సంప్రదించవచ్చు.’