సోలార్ హీటర్ ఎవరికి చెందుతుంది?

ప్రశ్న: అద్దె ఇంటి డాబాపై సొంత ఖర్చుతో సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకుందామనుకుంటున్నాను. ఖాళీ చేసేటప్పుడు అది ఎవరిది?

జవాబు: అద్దె ఒప్పందంలో వేరే షరతు లేకపోతే మీదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెదారు తాను బిగించినవాటిని విప్పుకుపోవచ్చు. అయితే ఇల్లు తన స్వాధీనంలో ఉండగానే ఆ పని చేయాలి, ఇంటిని మునుపటిలాగే అప్పగించాలి. తాళాలు ఇచ్చేశాక అడిగే హక్కు ఉండదు.

అందుకే బిగించకముందే యజమాని సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. ట్యాంకు, ప్యానెల్, స్టాండు మీవని, గోడలోని పైపులు ఇంటివని, స్లాబుకు పడిన రంధ్రాలు మీరే పూడ్పిస్తారని అందులో రాయించండి. యజమానే ఉంచుకుంటానంటే ఏడాదికి ఎంత ధర తగ్గించాలో కూడా చేర్చండి. బిల్లు మీ పేరిటే ఉండాలి.