అమ్మమ్మ తరానికి తెలివి తక్కువా?

ఐక్యూ అంటే ఎత్తు, బరువులాగా మనిషిలో ఉన్నదాన్ని కొలిచి చెప్పే అంకె అనుకుంటాం. నిజానికి అది పోలిక. ఒక పరీక్షను ముందుగా చాలామంది పిల్లలతో రాయించి, వాళ్ళ సగటును 100గా పెట్టుకుంటారు. తర్వాత ఎవరు రాసినా వాళ్ళతోనే పోలుస్తారు. మరి ఆ పిల్లలు ఏ కాలం వాళ్ళు? నా ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

న్యూజిలాండ్‌లో పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ అనే ఆచార్యుడు 1984లో ఒక విషయం బయటపెట్టాడు. అమెరికాలో పరీక్షలను అప్పుడప్పుడూ కొత్త పిల్లలతో మళ్ళీ ప్రమాణీకరిస్తారు. పాతదీ కొత్తదీ రెండూ రాసిన పిల్లల్ని చూస్తే, దాదాపు ప్రతిసారీ పాత పరీక్షలోనే ఎక్కువ మార్కులు వచ్చాయి. అంటే పాతకాలం పిల్లల సగటును దాటడం తేలిక. 1932 నుంచి 1978 దాకా లెక్క కడితే సగటు దాదాపు 14 పాయింట్లు పెరిగింది. నెదర్లాండ్స్‌లో సైన్యానికి వచ్చిన కుర్రాళ్ళలో 1952 నుంచి 1982కి దాదాపు 20 పాయింట్లు పెరిగింది.

ఇక్కడే చిక్కు. ఈ అంకెల్ని ఉన్నదున్నట్టు నమ్మితే, మన తాతల నాటి జనంలో సగం మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళని తేలుతుంది. సేద్యం చేసి, సంసారాలు నడిపి, నోటితోనే వడ్డీ లెక్కలు కట్టినవాళ్ళని అలా అనగలమా? పోనీ పుట్టుకతో వచ్చే తెలివే పెరిగిందా అంటే, ముప్పై ఏళ్ళలో జన్యువులు అంతగా మారవు.

జవాబు కొంత ప్రశ్నల్లోనే ఉంది. అమెరికా పిల్లల పరీక్షలో లెక్కలు, సాధారణ జ్ఞానం మార్కులు చాలా కొద్దిగా పెరిగాయి. బాగా పెరిగింది బొమ్మల్లో క్రమం కనిపెట్టడం, రెండు వస్తువులకి పోలిక చెప్పడం. మా ఇంట్లో అమ్మమ్మని అడిగి చూశాను: "ఆవుకీ కోడికీ పోలికేంటి?" "పోలికేంటే పిచ్చిదానా, ఆవు పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది" అంది. మా చెల్లి మాత్రం కన్నడంలోనే టక్కున చెప్పేసింది, రెండూ ప్రాణులని. పరీక్షలో మార్కు చెల్లిదే. కానీ అమ్మమ్మ చెప్పినదాంట్లో తప్పేముంది? ఆవిడ వస్తువుని దాని పనిని బట్టి చూసింది. చెల్లి బడిలో నేర్చిన వర్గాలుగా చూసింది. బడి, తిండి, ఆరోగ్యం, చిన్న కుటుంబాలు – ఇవన్నీ మార్కులు పెరగడానికి కారణాలుగా చెబుతారు. వీటిలో బడి నేర్పే ఈ చూపు ముఖ్యమైందని ఫ్లిన్ వాదన.

పెరుగుదల ఆగకుండా సాగేదీ కాదు. నార్వేలో 1970ల మధ్య నుంచి పుట్టిన కుర్రాళ్ళలో సగటు తగ్గింది. ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్య కూడా ఆ తగ్గుదల కనిపించింది కాబట్టి కారణం వంశంలో కాదు, పరిసరాల్లో ఉందన్నమాట.

ఇది మన దాకా ఎలా వస్తుందో చూడండి. 1930లలో వి.వి. కామత్ అనే ఆయన బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చి తయారుచేశారు. ఆ బినే–కామత్ పరీక్షను మన దేశంలోని క్లినిక్‌లలో దశాబ్దాలపాటు వాడారు. దాని లెక్క తేలిక: పిల్లవాడు ఎన్నేళ్ళ స్థాయి ప్రశ్నలకి జవాబు చెప్పాడో ఆ మానసిక వయసుని అసలు వయసుతో భాగించి, 100తో గుణించాలి. పదేళ్ళ బాబు ఎనిమిదేళ్ళ స్థాయి దాకా చెప్పాడనుకోండి, ఐక్యూ 80. కానీ అది ఎప్పటి ఎనిమిదేళ్ళు? ఆ ప్రశ్నలకి ఇప్పటి ఏడేళ్ళ పిల్లలే జవాబు చెప్పేస్తున్నారనుకుంటే, ఈ కాలపు లెక్కలో ఆ బాబు మానసిక వయసు ఏడే, ఐక్యూ 70. బాబు అదే, జవాబులు అవే.

బుద్ధిమాంద్యం ఉందా లేదా అనేదానికి సాధారణంగా చూసే గీత ఆ 70 దగ్గరే ఉంటుంది. కాగితం మీద 80 ఉంటే "కాస్త మందకొడి, అంతే" అని పంపేస్తారు. బడిలో దక్కాల్సిన సాయం, సర్టిఫికెట్ చేజారిపోవచ్చు. అందుకే నిపుణులు ఒక్క అంకెని నమ్మరు. బిడ్డ తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అనేది కూడా చూస్తారు.

కాబట్టి ఎవరైనా ఐక్యూ రిపోర్టు చూపిస్తే అంకె చూసేముందు రెండు అడగండి: ఏ పరీక్ష? దాని సగటు ఏ సంవత్సరం పిల్లలది?