చెర్నాకోల కొస

బండి తోలేవాడు చెర్నాకోల పిడిని కొద్దిగా కదిలిస్తాడు. ఆ కదలిక తాడు వెంట సాగి, కొసకు చేరేసరికి గాలిలో పెద్ద చుట్టు తిరుగుతుంది. వ్యాపారంలోనూ ఇటువంటి వింత ఉన్నది. దుకాణంలో అమ్మకం కొద్దిగా మారితే, దూరాన ఉన్న కర్మాగారంలో పెద్ద ఒడుదొడుకు పుడుతుంది. దీనినే ‘బుల్‌విప్ ఎఫెక్ట్’, అనగా ‘కొరడా ప్రభావం’ అంటారు.

ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే అమెరికన్ సంస్థ అధికారులు పసిపిల్లల డైపర్ల లెక్కలను ఒకసారి పరిశీలించారు. పసిపిల్లల వాడకం ఇంచుమించు నిలకడగా ఉంటుంది. అందుచేత దుకాణాలలో అమ్మకాలు పెద్దగా మారలేదు. అయినా పంపిణీదారుల ఆర్డర్లలో హెచ్చుతగ్గులు అధికంగా, ముడిసరుకుకై సంస్థ ఇచ్చిన ఆర్డర్లలో మరింత అధికంగా కనిపించాయి. హావ్ లీ, పద్మనాభన్, సుంజిన్ వాంగ్ అనే పరిశోధకులు 1997లో ఈ ఉదంతాన్ని వివరించారు.

ఇది ఎట్లా జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. దుకాణదారు, టోకు వర్తకుడు, పంపిణీదారు ముగ్గురూ ఒక వారం అమ్మకానికి సరిపడే నిల్వ ఉంచుకుంటారనుకుందాం. ప్రతి వారం 100 పెట్టెలు అమ్ముడుపోయే సరుకు ఈ వారం 110 అమ్ముడుపోయింది. దుకాణదారు అమ్మిన 110కి తోడు నిల్వ పెంచుకోవడానికి 10 కలిపి, 120 కోరుతాడు. టోకు వర్తకుడికి కనిపించేది ఈ 120 మాత్రమే. అతడు నిల్వకై 20 చేర్చి 140 కోరుతాడు. పంపిణీదారు 40 చేర్చి 180 కోరుతాడు. పది పెట్టెల పెరుగుదల కర్మాగారం చేరేసరికి ఎనభై అయింది!

మరుసటి వారమూ దుకాణంలో 110 పెట్టెలే అమ్ముడుపోయాయి. దుకాణదారు నిల్వ సరిపోయింది కనుక 110 కోరాడు. ఆర్డరు తగ్గిందని టోకు వర్తకుడు నిల్వ తగ్గించుకొని 100తో సరిపెట్టాడు. పంపిణీదారు 60 మాత్రమే కోరాడు. మొదటి వారం అదనపు గంటలు పనిచేసిన కార్మికుడికి రెండవ వారం పని లేకుండా పోయింది. కొనుగోలుదారు మాత్రం ఏమీ తగ్గించలేదు.

ఇందులో ఎవరూ అవివేకంగా ప్రవర్తించలేదు. అయితే ప్రతివాడూ తన కింది వాని ఆర్డరునే అసలు గిరాకీగా భావించాడు. సరుకు కొరత వచ్చినప్పుడు ఈ పొరపాటు ముదురుతుంది. కోరినదానిలో సగమే వస్తుందని తలచి వర్తకులు రెట్టింపు కోరుతారు. కొరత తీరగానే ఆ ఆర్డర్లను రద్దు చేస్తారు.

దుకాణపు అమ్మకాల లెక్కను, పై వారికి అందిన ఆర్డర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ దోషం బయటపడుతుంది. అమ్మకాల లెక్కను పై వారందరికీ నేరుగా తెలియజేయడం, కొరత వేళ కోరిన పరిమాణాన్ని బట్టి గాక పూర్వపు అమ్మకాలను బట్టి సరుకు పంచడం దీనికి మందు. సరుకు చేరడానికి కొంత కాలం పట్టక తప్పదు కనుక, ఊపు పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.