వ్యతికరణం, వివర్తనం: ఒకే రూపంలో రెండు సూత్రాలు

తమ్ముళ్లూ, కాంతిశాస్త్రం అధ్యాయంలో మార్కులు పోయేది ఎక్కువగా ఒకచోటే. యంగ్ జంట చీలికల ప్రయోగంలో d sinθ = nλ అయితే వెలుగు పట్టీ. ఒంటి చీలిక వివర్తనంలో a sinθ = nλ (n = 1, 2, 3...) అయితే చీకటి పట్టీ. రూపం ఒకటే, ఫలితం తలకిందులు. ఎందుకని?

జంట చీలికల నుంచి వచ్చేవి రెండే తరంగాలు. d వాటి మధ్య దూరం. పథభేదం సరిగ్గా λ అయితే శృంగం మీద శృంగం పడి వెలుగు వస్తుంది. ఒంటి చీలికలో a దాని వెడల్పు. అంచుల మధ్య పథభేదం λ అయినప్పుడు చీలికను మనసులోనే రెండు సగాలు చేయండి. పై సగంలోని ప్రతి బిందువుకూ a/2 దూరాన కింది సగంలో ఒక జోడీ ఉంటుంది. వాటి మధ్య భేదం λ/2. జోడీలన్నీ రద్దయి చీకటి మిగులుతుంది.

ఒక లెక్క చూద్దాం. సోడియం కాంతి λ = 589 nm, d = 0.5 mm, a = 0.1 mm, తెర దూరం D = 1 m. పట్టీ వెడల్పు β = λD/d, అంటే సుమారు 1.18 mm. అయిదో వెలుగు పట్టీ మధ్య నుంచి 5.89 mm దగ్గర రావాలి. కానీ వివర్తనపు తొలి చీకటి λD/a కూడా 5.89 mm దగ్గరే! అక్కడికి ఏ చీలిక నుంచీ కాంతి చేరదు, ఇక కలవడానికి ఏముంది? అయిదో పట్టీ మాయం. మధ్యలో 9 పట్టీలే కనిపిస్తాయి, అంచులకు పోయేకొద్దీ మసకబారుతూ. పుస్తకాల్లో అన్నీ సమాన వెలుగుతో గీసేది చీలికలు అతి సన్నవనుకునే.

ఒక చీలిక మూసేస్తే ఆ సన్నగీతలు పోయి, 11.78 mm వెడల్పున ఒకే వెలుగు పట్టీ, దాని పక్కల సగం వెడల్పున్న మసక పట్టీలు మిగులుతాయి.