అప్పు చేసి బంగారం – మామయ్య వేసిన లెక్క

మా అక్కకు రెండేళ్ళలో పెళ్ళి చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. అప్పటి నుంచి మా యింట్లో ఒకటే మాట: "ఇప్పుడే కొనకపోతే రేపు అసలు కొనలేం." మా వూళ్ళో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు మీద డబ్బిస్తానన్నాడు. నాన్నను ఒప్పించమని నేనే మామయ్యకు ఫోను చేశాను. ఆయన లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యారు. "ఫోనులో లెక్కలు చెప్పకూడదురా, కాగితం మీద రాస్తాను" అన్నారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. నాలాగే రైతు కుటుంబాల నుంచి వచ్చిన మిత్రులకు పనికొస్తుందని, అందులో ఇంటి సంగతులు తీసేసి మిగతాది ఇక్కడ యిస్తున్నాను.

"చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు బంగారం ధర పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగావు. అది నాకు తెలియదు. నీకు అప్పిచ్చే ఆయనకూ తెలియదు. కాని నువ్వు అడగవలసిన ప్రశ్న అది కాదు. 'వడ్డీ కంటే వేగంగా పెరుగుతుందా?' అని అడగాలి. లెక్క సులభంగా ఉండడానికి 22 క్యారట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. అసలు ధర ఎంతయినా నిష్పత్తి మారదు.

20 గ్రాముల గొలుసు. బంగారం విలువ 2,00,000. తరుగు, మజూరీ కలిపి నూటికి 12 చొప్పున 24,000. మొత్తం మీద నూటికి 3 జి.ఎస్.టి. 6,720. నీ చేతిలోంచి పోయేది 2,30,720 రూపాయలు. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నమాటే. అది నెలకు. సంవత్సరానికి నూటికి 24. ఈ అప్పుకు నెలకు 4,614 రూపాయలు. రెండేళ్ళకు 1,10,746. అంటే గొలుసు నీకు పడేది 3,41,466.

ఇప్పుడు రెండో దారి చూడు. ఏమీ కొనకుండా, అప్పు లేకుండా, రెండేళ్ళ తర్వాత పెళ్ళి నాటికి కొన్నావనుకో. అప్పటికి గ్రాము 12,000 అయింది. అంటే నూటికి ఇరవై పెరిగింది. అదే గొలుసు 2,76,864కు వస్తుంది. ధర పెరిగినా సరే, అప్పు చేసినవాడికి 64,602 రూపాయలు నష్టం. ఆ డబ్బుతో ఆ రోజు ధరకు కూడా అయిదు గ్రాముల పైన వస్తుంది. రెండు దారులూ సమానం కావాలంటే గ్రాము 14,800కు చేరాలి. అంతకు ఒక్క రూపాయి తక్కువయినా నువ్వు పరుగెత్తి కొన్నది దండగే.

ఇది పెళ్ళికి ఉంచుకొనే నగ సంగతి. 'లాభం వచ్చాక అమ్మేద్దాం' అనుకొనేవాడి లెక్క ఇంకా కష్టం. అమ్మబోతే తరుగు, మజూరీ, పన్ను ఎవరూ తిరిగి ఇవ్వరు. బంగారం విలువలో కూడా నూటికి రెండు తీసేశారనుకో. కొన్న సాయంత్రమే అమ్మితే 1,96,000 వస్తుంది. 34,720 పోయినట్టే. రెండేళ్ళకు అసలూ వడ్డీ రావాలంటే గ్రాము రమారమి 17,400 కావాలి. అంటే నూటికి 74 పెరగాలి."

ఈ చోట నాకు ఒక సందేహం వచ్చింది. బంగారం ఎప్పటికైనా పెరుగుతూనే ఉంది గదా, కాస్త ఓపిక పడితే సరిపోదా? మామయ్య నా సందేహం ముందే కనిపెట్టారు కాబోలు, తర్వాతి పేజీ అంతా దానికే కేటాయించారు.

"2012 చివర్లో పది గ్రాములు సుమారు 32,000 ఉండేది. అప్పుడూ ఇదే మాట: ఇక తగ్గదు అని. 2013 ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్టులో రెండు రోజుల్లోనే పెద్ద పతనం వచ్చింది. 2015 చివరికి మన దగ్గర పది గ్రాములు సుమారు 25,000కు దిగింది. ప్రాంసరీ నోటు మీద కోర్టుకు వెళ్ళడానికి గడువు మూడేళ్ళని నీకు తెలుసు. 32,000 అప్పు తెచ్చి పది గ్రాములు కొన్నవాడికి మూడేళ్ళకు వడ్డీ 23,040. బాకీ 55,040. ఆ బంగారం అమ్మినా పాతికవేలు. మిగతా ముప్ఫైవేలు పంటలోంచి తియ్యాలి. తియ్యలేకపోతే నోటు తిరగరాస్తారు. ఆ రోజు నుంచి వడ్డీ కూడా అసలై దాని మీద వడ్డీ మొదలవుతుంది.

అదే పది గ్రాములు సొంత డబ్బుతో కొన్నవాడు నిద్రపోయాడు. 2025లో లక్ష దాటింది. ఇద్దరు కొన్నదీ ఒకటే బంగారం. ఒకడికి ఆగే శక్తి ఉంది, రెండోవాడికి లేదు. అప్పు చేసినవాడికి ధర ఎప్పుడు పెరుగుతుందన్నది తన చేతిలో లేదు. నోటు గడువు ఎప్పుడన్నది అవతలివాడి చేతిలో ఉంది.

మరో సంగతి. ధర పెరిగేదీ తగ్గేదీ మన వూరి గిరాకీని బట్టి కాదు. డాలరు, పై దేశాల వడ్డీ రేట్లు, మన దిగుమతి సుంకం, ఇన్ని ఉన్నాయి. 2024 జూలై 23న బడ్జెట్టులో సుంకం నూటికి 15 నుంచి 6కు తగ్గించగానే ఆ రోజే ధర పడిపోయింది. ముందురోజు కొన్నవాడు చేసిన తప్పేమీ లేదు. అప్పు లేకపోతే అది చిన్న చికాకు. అప్పుంటే అది కూడా బాకీలో చేరినట్టే.

పాడిగేదెకు అప్పు చెయ్యి, పాలు అమ్మి వడ్డీ కడతావు. బోరుకు అప్పు చెయ్యి, రెండో పంట వస్తుంది. బంగారం బీరువాలో ఉండి ఏమీ సంపాదించదు. దాని వడ్డీ కట్టేది మీ పొలమే. పొలానికి పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో, వడ్డీ మాత్రం ప్రతి నెలా.

మరేం చెయ్యాలి? మీ అమ్మ దగ్గర మా అమ్మ పెట్టిన పాత గొలుసు ఉంది. దాన్ని తూకం వేయించి, శుద్ధత పరీక్ష చేయించి, కొత్త నగకు మార్చండి. పంట అమ్మిన ప్రతిసారీ ముందు పాత బాకీ, తర్వాత విత్తనాలూ ఎరువుల ఖర్చు, మిగిలినదాంతో మూడో నాలుగో గ్రాములు. హాల్‌మార్కు గుర్తు, ఆరక్షరాల హెచ్.యు.ఐ.డి. నంబరు చూసి, బిల్లు తీసుకోండి. ధర ఎక్కువగా ఉంటే గ్రాములు తగ్గించండి. గొలుసు 20 గ్రాములే ఉండాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఇట్లు, మీ మామయ్య."

ఉత్తరం రాత్రి భోజనాలయ్యాక నాన్నకు చదివి వినిపించాను. నేను ఒక పొరపాటు వెతుకుదామని చూశాను. గ్రాము 15,000 అయితే అప్పు చేసినవాడే గెలుస్తాడు గదా అన్నాను. నాన్న వెంటనే, "అయితే గెలుస్తాడు, కాకపోతే పొలం ఎవరిది?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. రెవెన్యూ స్టాంపు అంటించడానికి తెచ్చిన కాగితం మీదే అక్క పాత గొలుసు తూకం రాసింది: పదకొండున్నర గ్రాములు. ఇక కావలసింది ఎనిమిదిన్నర. రెండేళ్ళు, నాలుగు పంటలు. పంటకు రెండు గ్రాముల పైచిలుకు. పంట చెడితే అంత మేరకు గొలుసు సన్నబడుతుందని అక్కే చెప్పింది.