ఒకే గాల్వనోమీటర్: అమ్మీటర్‌గా ఎలా, వోల్ట్‌మీటర్‌గా ఎలా?



మీ అబ్బాయి లేదా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతుంటే, వాళ్ల ఫిజిక్స్ రికార్డు ఒకసారి తెరిచి చూడండి. గాల్వనోమీటర్‌ను అమ్మీటర్‌గా, వోల్ట్‌మీటర్‌గా మార్చే ప్రయోగం అందులో ఉంటుంది. ఫార్ములా చాలామందికి కంఠతా వస్తుంది. ల్యాబ్‌లో కనెక్షన్ ఇచ్చేసరికి మాత్రం ముల్లు టక్కున చివరికి వెళ్లి కొట్టుకుంటుంది, లేదంటే అసలు కదలదు. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఇంట్లో మీరే వాళ్ల చేత చెప్పించవచ్చు.

గాల్వనోమీటర్‌లో ఉండేది అయస్కాంత ధ్రువాల మధ్య తిరిగే ఒక చిన్న తీగచుట్ట. అందులో కరెంటు పోతే చుట్ట తిరుగుతుంది, దానితోపాటు ముల్లు కదులుతుంది. మన ఉదాహరణలో చుట్ట నిరోధం 100 ఓములు, ముల్లు స్కేలు చివరి వరకు వెళ్లడానికి చాలే కరెంటు 1 మిల్లీఆంపియర్ అనుకుందాం. అప్పుడు చుట్ట రెండు కొసల మధ్య ఉండేది 0.1 వోల్టు మాత్రమే. తీగ చాలా సన్నగా ఉంటుంది కాబట్టి, దీనికి ఎన్నో రెట్లు కరెంటు పంపితే చుట్ట కాలిపోతుంది.

ఇప్పుడు దీనితో 1 ఆంపియర్ వరకు, అంటే 1000 మిల్లీఆంపియర్ల వరకు కొలవాలి. చుట్ట మోయగలిగేది అందులో ఒక్కటే. మిగతా 999కి బైపాస్ రోడ్డు వేయాలి. చుట్టకు సమాంతరంగా కలిపే ఆ చిన్న నిరోధమే షంట్. సమాంతరంగా ఉన్నాయి కాబట్టి రెండింటి కొసల మధ్య వోల్టేజి ఒకటే, 0.1 వోల్టు. దాన్ని 0.999 ఆంపియర్‌తో భాగిస్తే షంట్ విలువ సుమారు 0.1 ఓము వస్తుంది. పిల్లలు బట్టీపట్టే S = IgG/(I − Ig) చెప్పేది ఇదే.

0.1 ఓము అంటే ఎంతో చేతిలో పట్టుకుని చూస్తే గాని అర్థం కాదు. 0.71 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కాన్‌స్టాంటన్ తీగ తీసుకుంటే దాదాపు 8 సెంటీమీటర్లు సరిపోతుంది. రాగి తీగ వాడకపోవడానికి కారణం, వేడెక్కితే దాని నిరోధం మారిపోతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది రెండు స్క్రూల మధ్య ఉన్న పొడవే. అందుకే తీగను కొంచెం పొడవుగా కత్తిరించి, కొసలను స్క్రూల కింద బిగించాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా రీడింగ్ ఒక శాతానికి పైగా మారుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ స్క్రూల దగ్గరే. స్క్రూ సరిగ్గా బిగించక ఆ అతుకులో ఇంకో 0.1 ఓము చేరిందనుకోండి. షంట్ 0.2 ఓములైనట్టే. బైపాస్ ఇరుకైంది కాబట్టి చుట్టలోకి రెట్టింపు కరెంటు మళ్లుతుంది. అసలు కరెంటు అర ఆంపియరే అయినా ముల్లు 1 ఆంపియర్ చూపిస్తుంది. స్క్రూ పూర్తిగా ఊడిపోతే వచ్చే కరెంటుకు చుట్ట ఒక్కటే దారి. అందుకే ముందు షంట్ బిగించాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. ఈ వరుస ఎందుకని వైవాలో అడిగితే జవాబు ఇదే.

వోల్ట్‌మీటర్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. 10 వోల్టుల వరకు కొలవాలంటే, 10 వోల్టులు పెట్టినా చుట్టలో 1 మిల్లీఆంపియర్ దాటకూడదు. అందుకు మొత్తం నిరోధం 10,000 ఓములు ఉండాలి. చుట్టలో 100 ఉన్నాయి కాబట్టి మిగతా 9,900 ఓములను శ్రేణిలో కలపాలి. ఇక్కడ స్క్రూ దగ్గర 0.1 ఓము అటూఇటూ అయినా ముల్లుకు తెలియనే తెలియదు. పొరపాటున ఈ వోల్ట్‌మీటర్‌ను బల్బుతో శ్రేణిలో పెడితే బల్బు వెలగదు, అంతకుమించి నష్టం లేదు. అమ్మీటర్‌ను నేరుగా బ్యాటరీకి అడ్డంగా పెడితే మాత్రం, 0.1 ఓము దారి దొరికిన బ్యాటరీ ఇవ్వగలిగినంత కరెంటూ ఇచ్చేస్తుంది. మీటరు పోతుంది.

సరిగ్గా కట్టిన వోల్ట్‌మీటర్ కూడా ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. 10 వోల్టుల బ్యాటరీకి 10,000 ఓముల నిరోధాలు రెండు శ్రేణిలో కలిపితే, ఒక్కోదాని మీద 5 వోల్టులు ఉండాలి. మన మీటరును వాటిలో ఒకదానికి అడ్డంగా పెట్టి చూస్తే 3.3 చూపిస్తుంది. మీటరు చెడిపోలేదు. దాని నిరోధం కూడా 10,000 ఓములే కాబట్టి, రెండూ సమాంతరంగా కలిసి 5,000 అయ్యాయి. బ్యాటరీ వోల్టేజిలో ఆ భాగానికి వచ్చే వాటా సగం నుంచి మూడో వంతుకు తగ్గింది. మీటరు తీసేయగానే అక్కడ మళ్లీ 5 వోల్టులే ఉంటాయి. పిల్లలు ఫార్ములా గడగడా అప్పజెప్పాక ఈ 3.3 ఎలా వచ్చిందో కాగితం మీద వేసి చూపించమనండి.